పౌర్ణమి చంద్రుడు ఏ చుక్క దగ్గర? నెల పేరును మీరే సరిచూసుకోవడం ఎలా

చైత్రం, వైశాఖం అంటూ పన్నెండు నెలల పేర్లు మనకు నోటికి వచ్చు. పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ నక్షత్రం పేరే నెలకు పెట్టారని కూడా చాలామంది చిన్నప్పుడే విన్నారు. కానీ పంచాంగం ముందు పెట్టుకుని ఒక పౌర్ణమిని నిజంగా సరిచూడబోతే చిక్కు మొదలవుతుంది. 2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5న వచ్చింది. ఆ రోజు క్యాలెండర్ గడిలో ఉన్న నక్షత్రం అశ్విని. సాయంత్రం పౌర్ణమి పూర్తయ్యే వేళకు నడుస్తున్నది భరణి. కృత్తిక ఆ రోజంతా లేనే లేదు. అయినా అది కార్తీక పౌర్ణమే, పంచాంగంలో తప్పేమీ లేదు.

ఇది ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. గంటల పంచాంగమో కార్తెలు అచ్చేసిన గోడ క్యాలెండరో ఒకటి, కాగితం, పెన్ను, తూర్పు వైపు అడ్డు లేని మేడ ఉంటే చాలు. పన్నెండు నెలలకూ పద్ధతి ఒకటే కాబట్టి కార్తీకం ఒక్కదాన్నే పట్టుకుని పూర్తిగా చేద్దాం.

ముందుగా నెలకూ నక్షత్రానికీ జత రాసుకోండి

ఇరవై ఏడు నక్షత్రాలను వరస నంబర్లతో ఒక కాగితం మీద రాయండి. అశ్విని 1, భరణి 2, కృత్తిక 3, రోహిణి 4, మృగశిర 5, ఆర్ద్ర 6, పునర్వసు 7, పుష్యమి 8, ఆశ్లేష 9, మఖ 10, పుబ్బ 11, ఉత్తర 12, హస్త 13, చిత్త 14, స్వాతి 15, విశాఖ 16, అనూరాధ 17, జ్యేష్ఠ 18, మూల 19, పూర్వాషాఢ 20, ఉత్తరాషాఢ 21, శ్రవణం 22, ధనిష్ఠ 23, శతభిషం 24, పూర్వాభాద్ర 25, ఉత్తరాభాద్ర 26, రేవతి 27. ఈ కాగితం చివరిదాకా పనికొస్తుంది, పారేయకండి.

ఇప్పుడు నెలకు పేరిచ్చిన నక్షత్రం చుట్టూ సున్నా చుట్టండి. చిత్త నుంచి చైత్రం, విశాఖ నుంచి వైశాఖం, జ్యేష్ఠ నుంచి జ్యేష్ఠం, శ్రవణం నుంచి శ్రావణం, అశ్విని నుంచి ఆశ్వయుజం, కృత్తిక నుంచి కార్తీకం, మృగశిర నుంచి మార్గశిరం, పుష్యమి నుంచి పుష్యం, మఖ నుంచి మాఘం. మిగిలిన మూడు నెలలకు మాత్రం జంట నక్షత్రాలున్నాయి. పూర్వాషాఢ, ఉత్తరాషాఢల నుంచి ఆషాఢం. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల నుంచి భాద్రపదం. ఫల్గుణి జంట నుంచి ఫాల్గుణం. మనం పుబ్బ, ఉత్తర అని పిలిచేవాటి పూర్తి పేర్లు పూర్వ ఫల్గుణి, ఉత్తర ఫల్గుణి. అందుకే ఆ నెల పేరు వినగానే నక్షత్రం తట్టదు.

ఈ పేర్లు ఏ ఊళ్లోనో అలవాటుగా పుట్టినవి కావు. ఒక నక్షత్రంతో కూడిన పౌర్ణమి ఏ నెలలో వస్తుందో ఆ నెలకు ఆ పేరు పెట్టాలని పాణిని అష్టాధ్యాయిలో వ్యాకరణ సూత్రమే ఉంది.

సున్నాలు చుట్టాక కాగితాన్ని ఒకసారి చూడండి. ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకు చాలాచోట్ల రెండేసి అడుగులు ఉంటాయి. మృగశిర నుంచి పుష్యమికి మాత్రం మూడు. శ్రవణం నుంచి పూర్వాభాద్రకు మూడు, అక్కడి నుంచి అశ్వినికి మళ్లీ మూడు. కారణం చిన్నదే. 27 నక్షత్రాలను 12 నెలలకు పంచితే నెలకు రెండుంపావు వస్తుంది. పావు నక్షత్రాన్ని లెక్కలో పెట్టలేం కాబట్టి మూడు చోట్ల ఒక్కొక్కటి ఎక్కువ వేశారు. నిజం చంద్రుడు మాత్రం రెండు, మూడు అని చూసుకోడు. ఒక పౌర్ణమి నుంచి మరో పౌర్ణమికి సుమారు 29 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు, అంటే రెండు నక్షత్రాల పైన కొంచెం. పేరుకూ చోటుకూ మధ్య తేడా రావడం ఇక్కడే మొదలవుతుంది.

పౌర్ణమి తేదీతో ఆగకండి, సమయం పట్టుకోండి

చాలామంది పొరపడేది ఇక్కడే. గోడ క్యాలెండర్ గడిలో కనిపించేది సూర్యోదయానికి ఉన్న నక్షత్రం. చంద్రుడు దాదాపు రోజుకో నక్షత్రం మారతాడు కాబట్టి ఉదయం ఉన్నది సాయంత్రానికి ఉండకపోవచ్చు. మీకు కావాల్సింది పౌర్ణమి తిథి ముగిసే సమయం. సూర్యుడూ చంద్రుడూ సరిగ్గా ఎదురెదురుగా నిలిచే క్షణం అదే.

2025 నవంబర్ 5న పంచాంగంలో పౌర్ణమి సాయంత్రం 6.48 వరకు అని ఉంది. నక్షత్రం దగ్గర అశ్విని ఉదయం 9.40 వరకు, తర్వాత భరణి మర్నాడు తెల్లవారుజామున ఆరున్నర దాకా. 6.48ని ఈ వరసలో పెట్టి చూస్తే అది భరణిలో పడుతుంది. నిమిషాలు ఒక పంచాంగానికీ ఇంకోదానికీ కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆకాశంలో నిజంగా కనిపించే చోటుకు సరిపోయేలా లెక్కగట్టే దృగ్గణితంతో వేసినదానికీ పాత పద్ధతిలో వేసినదానికీ తేడా ఇంకాస్త ఎక్కువగానే కనిపించవచ్చు. ఆకాశంతో పోల్చి చూడాలనుకుంటే దృక్ పంచాంగమే తీసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి గంటలను అలాగే దింపుకోకూడదు. క్షణం అందరికీ ఒకటే, గడియారమే వేరు. మనకు సాయంత్రం 6.48 అయినప్పుడు న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. వాళ్లు ఆ సాయంత్రం చంద్రుణ్ని చూసే వేళకు పౌర్ణమి దాటి తొమ్మిది, పది గంటలైంది. ఆ లోపు చంద్రుడు కృత్తిక వైపు ఆరు డిగ్రీల దాకా జరిగిపోయాడు.

కార్తెతో ఎదురు లెక్క వేయండి

పంచాంగం పక్కన పెట్టేసి కూడా పౌర్ణమి నక్షత్రాన్ని పట్టుకునే దారి ఒకటుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అది మన రైతుల లెక్కలోనే ఉంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం, పదమూడు పద్నాలుగు రోజులు. చంద్రుడు ఒక రోజులో దాటేదాన్ని సూర్యుడు రెండు వారాలు తీసుకుని దాటుతాడు.

పౌర్ణమి నాడు సూర్యుడికి చంద్రుడు సరిగ్గా ఎదురు. ఆకాశం చుట్టూ 27 నక్షత్రాలైతే అందులో సగం పదమూడున్నర. కాబట్టి ఆ రోజు నడిచే కార్తె నంబరుకు పదమూడున్నర కలిపితే చంద్రుడి నక్షత్రం వచ్చేయాలి. ఆ అర దగ్గర ఒక చిన్న నియమం పెట్టుకోండి. పౌర్ణమి కార్తె మొదటి సగంలో వస్తే 13 కలపండి, రెండో సగంలో వస్తే 14 కలపండి. మొత్తం 27 దాటితే 27 తీసేయండి.

మన ఉదాహరణకు రండి. 2025 నవంబర్ 5 నాటికి స్వాతి కార్తె చివరికొచ్చింది, మర్నాడే విశాఖ కార్తె. స్వాతి 15. చివరి రోజు కాబట్టి 14 కలపాలి. 29 వచ్చింది, 27 తీస్తే 2. రెండోది భరణి. పంచాంగం చెప్పిందీ భరణే.

2026లో కార్తీక పౌర్ణమి నవంబర్ 24న. అప్పుడు నడిచేది అనూరాధ కార్తె, మొదలై వారం కూడా కాలేదు. అనూరాధ 17, మొదటి సగం కాబట్టి 13 కలిపితే 30, అందులో 27 తీస్తే 3. కృత్తిక! ఈసారి పేరూ నక్షత్రమూ ఒకటయ్యాయి.

ఈ లెక్క తప్పేది ఒక్క చోటే. పౌర్ణమి కార్తె మధ్యలో, ఆరేడు రోజుల ప్రాంతంలో పడితే ఏ సగంలో ఉందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పడం కష్టం. అప్పుడు పక్క పక్క నక్షత్రాలు రెండూ రాసుకుని, ఏది సరైందో పంచాంగంలో చూసుకోవాలి.

ఈ ఎదురు లెక్క అర్థమైతే చాలామందిని తికమక పెట్టే ఇంకో విషయం కూడా తేలిపోతుంది. మృగశిర కార్తె జూన్‌లో వస్తుంది, చేపల మార్కెట్లు కిటకిటలాడేది అప్పుడే. మార్గశిర మాసం మాత్రం డిసెంబర్‌లో, ముగ్గులేసే చలికాలంలో. నక్షత్రం ఒకటే అయినప్పుడు ఆరు నెలల దూరమెందుకు? జూన్‌లో మృగశిర దగ్గరున్నది సూర్యుడు, డిసెంబర్‌లో అదే మృగశిర దగ్గరికి వచ్చేది పౌర్ణమి చంద్రుడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే నెలాఖరులో వస్తుంది, నవంబర్ రాత్రి తూర్పున ఎర్రగా మెరిసేదీ ఆ రోహిణే. కార్తె పేరుతో పిలిచే నక్షత్రం ఆ రోజుల్లో కనబడదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. నెల పేరుతో పిలిచే నక్షత్రం అందుకు విరుద్ధంగా సాయంత్రం ఉదయించి తెల్లవార్లూ ఆకాశంలో ఉంటుంది.

ఇక మేడెక్కండి

కార్తీక పౌర్ణమి సాయంత్రం పొద్దు గుంకుతుండగా చంద్రుడు తూర్పున పైకొస్తాడు. గంటన్నర ఆగండి. అంచున ఉండే మసకలోంచి బయటపడి కొంచెం పైకి రావాలి.

మీరు వెతకాల్సిన కృత్తికల గుంపు చిన్నది. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఆరు చుక్కలు దగ్గర దగ్గరగా, ముద్దగా కనిపిస్తాయి. ఒంటరిగా మెరిసే పెద్ద నక్షత్రం కోసం వెతికితే దొరకదు. దీన్ని పట్టుకోవడానికి రోహిణి సాయం తీసుకోండి. రోహిణి నారింజ ఎరుపు రంగులో, ఒక్కటే గట్టిగా మెరుస్తుంది. సాయంత్రం తూర్పున ముందు కృత్తికలు వస్తాయి, సుమారు గంట తర్వాత వాటి కింద రోహిణి వస్తుంది. రెంటి మధ్య దూరం 14 డిగ్రీలు.

డిగ్రీలు కొలవడానికి మీ చెయ్యే సాధనం. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. బొటనవేలు 2 డిగ్రీలు. జానెడు, అంటే వేళ్లన్నీ చాపి బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా, 20 డిగ్రీలు. ఒక నక్షత్రం వాటా 13 డిగ్రీల 20 నిమిషాలు కాబట్టి పిడికిలి కంటే ఒక బొటనవేలు, దాని మీద కాస్త. పిల్లల చెయ్యి చిన్నదైనా వాళ్ల చాపూ చిన్నదే, కొలత పెద్దగా మారదు.

2025 నవంబర్ 5 సాయంత్రం ఇలా కొలిచి ఉంటే చంద్రుడు కృత్తికలకు సుమారు 17 డిగ్రీల ముందు, అంటే జానెడుకు కొంచెం తక్కువ దూరంలో, పైన ఆగి ఉన్నాడు. మర్నాడు సాయంత్రానికి కృత్తికల పక్కకు చేరుకున్నాడు. ఒక్క రోజు ఆలస్యం, అంతే. 2026 నవంబర్ 24 సాయంత్రం అలా కాదు. చంద్రుడికీ కృత్తికలకీ మధ్య దాదాపు ఒక బొటనవేలి దూరమే. కార్తీక పౌర్ణమి ఎలా ఉండాలని పేరు పెట్టారో అచ్చంగా అలాంటి రాత్రి అది.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. చంద్రుడు అంత దగ్గరగా ఉంటే ఆ వెలుగులో కృత్తికలు కంటికి ఆనవు. చెయ్యి చాచి బొటనవేలితో చంద్రుణ్ని కప్పినా, పిట్టగోడ అంచు చాటున దాచినా ఆకాశమంతా పాలు పోసినట్టే ఉంటుంది కాబట్టి చిన్న చుక్కలు తేలవు. బైనాక్యులర్ ఉంటే తేలతాయి. ఇంట్లో అలాంటిది లేకపోతే చంద్రుడున్న చోటును రోహిణితో కలిపి గుర్తు పెట్టుకోండి. ఎంత పైన, ఏ పక్కన అని కాగితం మీద చుక్కలు పెట్టుకుంటే ఇంకా మంచిది. మూడు రోజులాగి మళ్లీ అదే వేళకు మేడెక్కండి. చంద్రోదయం రోజుకు దాదాపు గంట ఆలస్యమవుతుంది కాబట్టి ఏడు గంటలకు తూర్పు ఇంకా చీకటిగానే ఉంటుంది. అప్పుడు రోహిణికి పైన, మొన్న చంద్రుడున్న చోటు పక్కనే పిల్లలకోడి హాయిగా కనిపిస్తుంది. నా మటుకు ఈ మూడో రోజు చూడటమే పౌర్ణమి రాత్రి కంటే నమ్మకమైంది.

ఫోన్‌లో ముందే చూసుకోవాలంటే ఆకాశాన్ని చూపించే స్టెల్లారియం యాప్ వాడండి. తేదీ, సమయం పెట్టి, వెతికే చోట కృత్తికలకు M45 అని టైప్ చేయండి. చిత్తకు Spica, మఖకు Regulus, జ్యేష్ఠకు Antares అని కొట్టాలి. ఈ మూడూ చంద్రుడి దారికి దగ్గరగా ఉన్న పెద్ద చుక్కలు, పౌర్ణమి వెలుగులో కూడా కనబడతాయి. కాబట్టి మొదటిసారి చూసేవాళ్లకు కార్తీకం కంటే చైత్రమో మాఘమో సులువు.

పేరు కుదరకపోతే ఏం చూడాలి

ఒక్క ఏడాది చూసి వదిలేస్తే భరణిలో పౌర్ణమి ఎందుకొచ్చిందో అంతుపట్టదు. నాలుగేళ్లు వరసగా పెట్టండి. 2023లో కార్తీక పౌర్ణమి నవంబర్ 27 మధ్యాహ్నం ముగిసింది, అప్పటికి చంద్రుడు కృత్తిక దాటి రోహిణిలోకి వచ్చి గంట దాటింది. 2024లో నవంబర్ 15 రాత్రి, 16 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ముగిసింది, చంద్రుడు కృత్తికలో ఉన్నాడు. 2025లో నవంబర్ 5, భరణి. ఏటేటా చంద్రుడు వెనక్కి వెళ్తున్నాడు. పన్నెండు చాంద్ర మాసాలు కలిపితే 354 రోజులే, సూర్యుడి ఏడాది కంటే 11 రోజులు తక్కువ. అందుకే పౌర్ణమి ఏడాదికి 11 రోజులు ముందుకు వస్తుంది, చంద్రుడి చోటు కూడా ఆ మేరకు 11 డిగ్రీలు వెనక్కి పోతుంది.

ఇలాగే పోనిస్తే ఇంకో ఏడాదిలో కార్తీక పౌర్ణమి అశ్వినిలో పడుతుంది, ఆశ్వయుజానికీ దీనికీ తేడా లేకుండా పోతుంది. అంతదాకా రానివ్వకుండా మధ్యలో ఒక అధిక మాసం వేస్తారు. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది. ఒక నెల ఎక్కువ పడటంతో కార్తీక పౌర్ణమి నవంబర్ 5 దగ్గర్నుంచి ఒక్క దూకులో 24కు వెళ్లి, చంద్రుడు భరణి నుంచి మళ్లీ కృత్తికకు చేరాడు. రోహిణి, కృత్తిక, భరణి, మళ్లీ కృత్తిక. కార్తీక పౌర్ణమి ఈ మూడు నక్షత్రాల మధ్యే అటూ ఇటూ తిరుగుతుంటుంది.

ఈ మూడే ఎందుకు, నాలుగోది ఎందుకు రాదు? పంచాంగకర్తలు ఈ రోజు నెలకు పేరు పెట్టేటప్పుడు పౌర్ణమి నక్షత్రాన్ని నేరుగా చూడరు. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఉన్న నెలలో సూర్యుడు ఏ రాశిలోకి మారాడో చూస్తారు. మేష సంక్రమణం ఉన్న నెల చైత్రం, వృషభ సంక్రమణం ఉన్నది వైశాఖం, అలా వచ్చి వృశ్చిక సంక్రమణం ఉన్నది కార్తీకం. వృశ్చిక సంక్రమణం ఏటా నవంబర్ 16 ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు సూర్యుడికి ఎదురుగా ఉండే చోటు కృత్తిక. సంక్రమణం నెలలో ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి పౌర్ణమి దానికి రెండు వారాలు ముందైనా రావొచ్చు, రెండు వారాలు వెనకైనా రావొచ్చు. రెండు వారాలంటే సూర్యుడి నడకలో సుమారు ఒక నక్షత్రం. అందుకే కృత్తిక మధ్యన ఉండి, అటు భరణి, ఇటు రోహిణి. ఏ నెలకైనా పేరిచ్చిన నక్షత్రం ఇలా మధ్యనో, మధ్యకు పక్కనో ఉంటుంది గానీ ప్రతి ఏడూ అదే వచ్చి తీరాలని లేదు.

కాబట్టి మీ లెక్కలో పక్క నక్షత్రం వస్తే కంగారు పడకండి. రెండు నక్షత్రాల కంటే ఎక్కువ తేడా వస్తేనే ఎక్కడో పొరపాటు. అప్పుడు ముందు చూడాల్సింది మీరు తీసుకున్నది సూర్యోదయ నక్షత్రమా అని. తర్వాత కార్తె సగాన్ని. ఇంకా కుదరకపోతే ఏడాది సరైందేనా అని క్యాలెండర్ అట్ట తిప్పి చూడండి, ఇది నవ్వుతూ చెబుతున్నా జరిగేదే.

ఆకాశంలో దొరకని నెల

శ్రావణంతో మాత్రం మేడ మీద పరీక్ష పెట్టుకోవద్దు. శ్రవణ నక్షత్రంగా చెప్పే చుక్క, యాప్‌లో Altair అని కనిపించేది, చంద్రుడి దారికి సుమారు 29 డిగ్రీలు ఉత్తరంగా, అంటే జానెడున్నర దూరంగా ఉంటుంది. చంద్రుడు తన దారి నుంచి ఎంత పక్కకు తప్పుకున్నా ఐదు డిగ్రీలే. ఏ శ్రావణ పౌర్ణమికీ ఆ చుక్క పక్కకు చేరడు. పంచాంగంలో శ్రవణం అంటే 13 డిగ్రీల 20 నిమిషాల ఒక వాటా, ఆకాశంలో శ్రవణం అంటే ఒక చుక్క. కృత్తికలో, చిత్తలో చుక్క ఆ వాటా లోపలే ఉంది కాబట్టి రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. శ్రావణానికి కాగితం మీద కార్తె లెక్కే దిక్కు. మఖ కార్తె 10, మొదటి సగమైతే 13 కలిపి 23, ధనిష్ఠ. అంతకు ముందు ఆశ్లేష కార్తె రెండో సగమైతే 9కి 14 కలిపి 23, మళ్లీ ధనిష్ఠే. ఆశ్లేష మొదటి సగంలో పౌర్ణమి వస్తేనే 22, శ్రవణం.

అధిక మాసం మీద కూడా ఇదే లెక్క వేసి చూడండి. 2026 మే 31న అధిక జ్యేష్ఠ పౌర్ణమి. మధ్యాహ్నం రెండుంపావుకు పౌర్ణమి ముగుస్తుంది, రోహిణి కార్తె మొదటి సగం చివరిలో ఉంది. 4కి 13 కలిపితే 17, అనూరాధ. కానీ అప్పటికి చంద్రుడు అనూరాధ అంచున ఉన్నాడు. చీకటి పడేసరికి జ్యేష్ఠలోకి వచ్చి, ఎర్రటి జ్యేష్ఠ చుక్కకు ఒకటి రెండు బొటనవేళ్ల దూరంలో కనిపిస్తాడు. నిజ జ్యేష్ఠ పౌర్ణమి జూన్ 29న. తిథి ముగిసేది 30 తెల్లవారుజామున ఐదున్నరకు, ఆర్ద్ర కార్తె సగం దాటాక. 6కి 14 కలిపితే 20, పూర్వాషాఢ. రాత్రి చాలాసేపు మూలలో ఉండి తెల్లవారే ముందు పూర్వాషాఢలో అడుగుపెడతాడు. అంటే పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ పెట్టుకోని అధిక నెలలో జ్యేష్ఠ చుక్క పౌర్ణమి చంద్రుడి పక్కనే ఉంది. నిజ నెలలో మాత్రం చంద్రుడు దాన్ని దాటి రెండు పిడికిళ్లకు పైగా ముందుకు వెళ్లిపోయాడు. ఏది అధికమో, ఏది నిజమో తేల్చింది చుక్క కాదు, సంక్రమణం. మే 17 నుంచి జూన్ 15 ఉదయం దాకా నడిచిన నెలలో సూర్యుడు రాశి మారలేదు. మిథునంలోకి వెళ్లింది ఆ జూన్ 15నే, కాకపోతే అమావాస్య ముగిసిన కొన్ని గంటల తర్వాత.